డబుల్స్‌లో సర్వీస్ ఎవరిది? మా బిడ్డ చాయ్ కప్పులతో చెప్పిన లెక్క

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి, హనుమకొండలో షటిల్ కోచింగ్‌కి పోతోంది, ఈ మధ్య డబుల్స్ ఆడిస్తున్నారు. రెండేళ్ల నుంచి గ్యాలరీలో కూర్చుని చూస్తూనే ఉన్నా. సింగిల్స్ ఎలాగో అర్థమవుతుంది గానీ డబుల్స్‌లో ఎవరు సర్వీస్ చేయాలి, ఏ పక్క నుంచి చేయాలి అన్నది ఎంత చూసినా బుర్రకెక్కడం లేదు. పాపను అడగాలంటే నామోషీ. అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

నామోషీ పక్కన పెట్టి పాపనే అడగండి, నేను చివరికి చేసింది అదే. కాకపోతే అడగడానికి ముందు పదిమందిలో పరువు పోగొట్టుకున్నాను, ఆ కథ చెబితే లెక్క కూడా అందులోనే వచ్చేస్తుంది.

నేను కాజీపేటలో రైల్వేలో పనిచేసేవాడిని. క్వార్టర్స్ దగ్గర సిమెంటు కోర్టు ఒకటి ఉండేది, సాయంత్రం డ్యూటీ దిగాక అక్కడ గట్టు మీద కూర్చుని పెద్దవాళ్ల ఆట చూసేవాణ్ణి. రాకెట్ పట్టింది లేదు, చూడటమే. ఆ రోజుల్లో గేమ్ 15 పాయింట్లకి, సర్వీస్ చేసేవాళ్లు ర్యాలీ గెలిస్తేనే పాయింట్, డబుల్స్‌లో ఒకరు సర్వీస్ పోగొట్టుకుంటే రెండోవాళ్లకి ఇంకో ఛాన్స్ ఉండేది. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ గెలిచిన స్కోరు కూడా 15-12, 15-6. నా తలకాయలో ఉన్న షటిల్ అదే. 2006లో లెక్క మారిపోయింది, ఎవరు సర్వీస్ చేసినా ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింట్, గేమ్ 21కి, డబుల్స్‌లో రెండో ఛాన్స్ తీసేశారు అని తెలుసు. పేపర్లో చదివాను. కానీ దాంతో పాటు మనుషులు నిలబడే లెక్క కూడా మారిందని నాకు తట్టలేదు, అసలు ఇబ్బంది అంతా అక్కడే వచ్చింది.

మా బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక చిన్న టోర్నమెంట్ జరిగింది, అండర్-13 పిల్లల మ్యాచ్‌లు పక్క కోర్టులో. అంపైర్లు తక్కువ పడ్డారు. నిర్వాహకుల్లో ఒకాయన గ్యాలరీ వైపు చూసి, "అన్నా, రోజూ వస్తవ్ గదా, జర ఈ ఒక్క మ్యాచ్ స్కోర్ చూడరాదే" అన్నాడు. ఆరేళ్లుగా చూస్తున్నాం కదా, ఇదెంత పని అని ఊపుగా పోయి కుర్చీలో కూర్చున్నాను. కాగితం మీద అడ్డంగా గీత గీసి ఇటు ఒక జోడీ, అటు ఒక జోడీ అని రాసుకున్నా.

ఒక జోడీలో రెండు జడల పిల్ల, కళ్లద్దాల పిల్ల. రెండు జడల పిల్ల కుడి పక్కన నిలబడి ఆట మొదలుపెట్టింది. ఒక పాయింట్ వాళ్లకు, తర్వాత ఒకటి అవతలివాళ్లకు, మళ్లీ ఒకటి వీళ్లకు. స్కోరు 2-1. ఇప్పుడు కళ్లద్దాల పిల్ల కుడి పక్క నుంచి సర్వీస్ చేయబోయింది. నేను ఆపాను. "అమ్మా, స్కోరు రెండు, సరి సంఖ్య, మొదట కుడి పక్కన ఉన్నది ఆ పాప, ఇప్పుడూ కుడికి రావాల్సింది ఆమెనే" అన్నాను. "కాదంకుల్, ఇప్పుడు నాదే సర్వీస్" అని ఆ పిల్ల మెల్లగా అంది. నేను వినలేదు. పెద్దమనిషి చెప్పాడు కదా అని ఇద్దరూ మారి నిలబడ్డారు. ఆట సాగింది. 7-5 దగ్గర అవతలి కోచ్ వచ్చి గట్టిగా అడిగాడు. ఆయన చెప్పింది విన్నాక నాకు చెమటలు పట్టాయి, కంగారులో ఇంకో తప్పు చేశాను, "అయితే మళ్లీ 2-1 నుంచి ఆడండి" అన్నాను. రెండు జడల పిల్ల ఏడవడం మొదలుపెట్టింది, వాళ్ల పాయింట్లు ఐదు పోతాయి మరి.

రెఫరీ వచ్చి, నిలబడే చోటు తప్పిందని తెలిస్తే సరిచేసి ముందుకు పోవాలి, అప్పటివరకు వచ్చిన స్కోరు అట్లానే ఉంటుంది అని చెప్పాడు. స్కోరు 7-5నే. కానీ ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చడానికి నా కాగితం చూస్తే అందులో ఏడు, ఐదు అని అంకెలు తప్ప ఏ పాయింట్‌కి ఎవరు సర్వీస్ చేశారో లేదు. చివరికి పిల్లలనే ఒక్కో ర్యాలీ అడిగి తేల్చుకున్నారు. గ్యాలరీలో మా బిడ్డ రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చే దారిలో బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి తిన్నాక తనే వచ్చింది. మాది పాత ఇల్లు, హాల్లో షాబాద్ బండలు. సుద్దముక్కతో కోర్టు గీసింది, మధ్యలో చీపురుపుల్ల అడ్డంగా పెట్టి నెట్ అంది, ఒక్కో పక్క నిలువు గీతతో కుడి గడి, ఎడమ గడి చేసింది. వంటింట్లోంచి రెండు స్టీలు గ్లాసులు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, రెండు చాయ్ కప్పులు, ఒకటి తెల్లది ఒకటి నీలంది తెచ్చింది. గ్లాసులు ఒక జోడీ, కప్పులు ఒక జోడీ.

"డాడీ, ముందుగాల నీ తలకాయల ఉన్నది తీసేయ్. స్కోర్ సరి అయితే మొదటి మనిషి కుడికి ఉంటడు అనుడు సింగిల్స్‌ల నడుస్తది. డబుల్స్‌ల నడవది" అంది.

నాకు కోపం వచ్చింది. మా కాలంలో నడిచింది మరి. నిజమే, నడిచింది, ఎందుకు నడిచిందో ఆ రాత్రి కూర్చుంటే తెలిసింది. పాత పద్ధతిలో సొంత సర్వీస్ మీద తప్ప పాయింట్ రాదు, పాయింట్ వచ్చిన ప్రతిసారీ ఆ జోడీ కుడి ఎడమలు మార్చుకుంటుంది. అంటే ఎన్ని పాయింట్లో అన్ని మార్పులు. కాబట్టి స్కోరు సరి అయితే మొదట్లో ఉన్న చోటే ఉంటారు. ఇప్పటి పద్ధతిలో అవతలివాళ్ల సర్వీస్ మీద కూడా పాయింట్ వస్తుంది, కానీ ఆ పాయింట్‌కి ఎవరూ కదలరు. పాయింట్ల లెక్కకీ మార్పుల లెక్కకీ అక్కడే పొత్తు తెగిపోయింది. నేను ఆ రోజు కుర్చీలో చేసిన తప్పు సరిగ్గా ఇదే.

"జరుగుడు ఎప్పుడంటే, మన సర్వీస్ మీద మనమే పాయింట్ కొడితేనే. వాళ్ల సర్వీస్ మీద మనం కొడితే నలుగుట్ల ఎవ్వలు జరగరు. నిలబడ్డ కాడ్నే నిలబడ్తరు. గిదొక్కటి పట్టుకో" అంది. తర్వాత ఆట మొదలుపెట్టింది. మీరు కూడా నాలుగు వస్తువులు ముందు పెట్టుకుని చదవండి, ఊరికే చదివితే ఎక్కదు, నాకు ఎక్కలేదు.

సున్నా-సున్నా. గ్లాసులది సర్వీస్. పెద్ద గ్లాసు కుడి గడిలో, చిన్న గ్లాసు ఎడమ గడిలో. అవతల తెల్ల కప్పు కుడి, నీలం కప్పు ఎడమ. సున్నా సరి సంఖ్య కింద లెక్క, అందుకే సర్వీస్ కుడి నుంచి, ఐమూలగా అవతలివాళ్ల కుడి గడికి పోతుంది. అంటే పెద్ద గ్లాసు కొడితే తెల్ల కప్పు తీసుకుంటుంది. కుడి అంటే ఎవరి కుడి వాళ్లకే, నెట్‌కి ఎదురుగా నిలబడ్డవాడి కుడి. కూర్చున్న మన కుడి కాదు.

గ్లాసులు గెలిచాయి. 1-0. సొంత సర్వీస్ మీద పాయింట్, కాబట్టి గ్లాసులు రెండూ మారతాయి, పెద్దది ఎడమకి, చిన్నది కుడికి. కప్పులు కదలవు. పెద్ద గ్లాసే మళ్లీ సర్వీస్ చేస్తుంది, స్కోరు ఒకటి గనక ఎడమ నుంచి, నీలం కప్పుకి.

ఈసారి కప్పులు గెలిచాయి. 1-1. సర్వీస్ కప్పులకి వచ్చింది, ఎవరూ కదలరు. కప్పుల స్కోరు ఒకటి, బేసి, కాబట్టి కప్పుల్లో ఎడమ గడిలో ఎవరుంటే వాళ్లదే సర్వీస్. నీలం కప్పు. ఎదురుగా ఐమూల ఎడమలో పెద్ద గ్లాసు.

గ్లాసులు గెలిచాయి. 2-1. నేను బోర్లా పడ్డ పాయింట్ ఇది. ఎవరూ కదలరు, గ్లాసుల స్కోరు రెండు, సరి, కుడిలో ఉన్నది చిన్న గ్లాసు. సర్వీస్ చిన్న గ్లాసుది. చిన్న గ్లాసే కళ్లద్దాల పిల్ల. పెద్ద గ్లాసు ఇంకా ఎడమ గడిలోనే ఉంది, ఎందుకంటే గ్లాసులకు వచ్చిన రెండు పాయింట్లలో సొంత సర్వీస్ మీద వచ్చింది ఒక్కటే, మార్పు కూడా ఒక్కటే.

కప్పులు గెలిచాయి, 2-2. కప్పుల స్కోరు రెండు, కుడిలో తెల్ల కప్పు, దానిదే సర్వీస్. మళ్లీ కప్పులే గెలిచాయి, కప్పులకు 3, గ్లాసులకు 2. సొంత సర్వీస్ కదా, కప్పులు మారతాయి, తెల్లది ఎడమకి, నీలంది కుడికి, తెల్లదే మళ్లీ సర్వీస్, ఎడమ నుంచి. తర్వాత గ్లాసులు గెలిచాయి, 3-3. మూడు బేసి, గ్లాసుల్లో ఎడమ గడిలో పెద్ద గ్లాసు. సర్వీస్ మళ్లీ పెద్ద గ్లాసుకి వచ్చింది.

ఇక్కడ ఆపి మా బిడ్డ అడిగింది, "ఇప్పటిదాక ఎవరెవరు సర్వీస్ చేసిండ్రో వరుసగా చెప్పు" అని. పెద్ద గ్లాసు, నీలం కప్పు, చిన్న గ్లాసు, తెల్ల కప్పు, మళ్లీ పెద్ద గ్లాసు. వంతులు తిరిగినట్టు తిరుగుతోంది. ఒక జోడీకి సర్వీస్ తిరిగి వచ్చిన ప్రతిసారీ, పోయినసారి చేయని మనిషే చేస్తున్నారు. ఇది యాదృచ్ఛికం కాదు. పెద్ద గ్లాసు ఎడమ నుంచి, అంటే బేసి స్కోరు మీద సర్వీస్ పోగొట్టుకుంది అనుకోండి, గ్లాసులకు తర్వాత వచ్చే పాయింటే సర్వీస్‌ని కూడా వెనక్కి తెస్తుంది, అప్పుడు స్కోరు ఒకటి పెరిగి సరి అవుతుంది, సరి అంటే కుడి, కుడిలో ఉన్నది రెండో మనిషి. ఎప్పుడు చూసినా ఇంతే. గేమ్ మొత్తంలో దీనికి లోబడనిది ఒక్క సందర్భమే, మొదట సర్వీస్ తీసుకున్న జోడీకి తొలిసారి సర్వీస్ వచ్చినప్పుడు. పోయినసారి అనేది వాళ్లకు లేదు కదా. అప్పుడు వాళ్ల స్కోరు ఒకటే ఉంటుంది, ఎడమలో ఉన్నవాళ్లు చేస్తారు.

మీకు నేను ఇచ్చేది ఇదే. గడులు, మార్పులు అన్నీ గుర్తుపెట్టుకోవడం గ్యాలరీలో కూర్చున్నవాళ్ల వల్ల కాదు, పక్కన ఇంకెవరో మాట్లాడిస్తారు, చాయ్ వస్తుంది, ఒక ర్యాలీ మిస్ అవుతాం. రెండే గుర్తుంచుకోండి. సర్వీస్ తిరిగొచ్చిందా, పోయినసారి చేయనివాళ్లది. ఏ పక్క నుంచి, వాళ్ల స్కోరు సరి అయితే కుడి, బేసి అయితే ఎడమ. ఒక మనిషి సర్వీస్ పోగొట్టుకుని, మళ్లీ సర్వీస్ రాగానే ఆ మనిషే కొడుతున్నట్టు కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే లెక్క.

అంపైర్ చెప్పే స్కోరు కూడా దీనికి పనికొస్తుంది. సర్వీస్ చేసేవాళ్ల స్కోరే ముందు చెబుతారు, ఎవరు ఎక్కువ ఉన్నారన్నదానితో పనిలేదు. నేను చాలాకాలం ముందు చెప్పే అంకె గెలుస్తున్నవాళ్లది అనుకున్నాను, కొన్నిసార్లు మా బిడ్డది అనుకున్నాను, తండ్రిని కదా. "సర్వీస్ ఓవర్, సిక్స్ నైన్" అని వినపడితే ఆరు పాయింట్లు ఉన్నవాళ్లకి ఇప్పుడే సర్వీస్ వచ్చింది అని అర్థం, ఆరు సరి గనక కుడి నుంచి కొడతారు. కోర్టు వైపు చూడకుండానే సగం సంగతి తెలుస్తుంది. చిన్న టోర్నమెంట్లలో స్కోరు గట్టిగా చెప్పరు, అది వేరే బాధ.

ఆ రాత్రి మా బిడ్డ నా చేత నోట్‌బుక్‌లో కూడా రాయించింది. అంపైర్లు రాసే కాగితంలో నలుగురికీ నాలుగు వరుసలు ఉంటాయి, జోడీకి రెండు కాదు. ఒక్కో పాయింట్‌కి ఒక గడి కుడివైపు జరుగుతూ, ఇప్పుడు సర్వీస్ ఎవరిదో వాళ్ల వరుసలో వాళ్ల జోడీ స్కోరు రాయాలి, మిగతా మూడు ఖాళీ. పైన చెప్పిన ఆట రాస్తే ఇలా వస్తుంది:

పెద్ద గ్లాసు: 0, 1, –, –, –, –, 3
చిన్న గ్లాసు: –, –, –, 2, –, –, –
తెల్ల కప్పు: –, –, –, –, 2, 3, –
నీలం కప్పు: –, –, 1, –, –, –, –

ఈ కాగితం ఆ రోజు నా దగ్గర ఉంటే పిల్లలను అడిగే పని ఉండేది కాదు. గ్లాసుల రెండు వరుసల్లో చివర ఎవరి దగ్గర అంకె ఉందో చూస్తే, రేపు సర్వీస్ పోయి మళ్లీ వచ్చినప్పుడు రెండోవాళ్లది అని తెలిసిపోతుంది. ఎక్కడ నిలబడ్డారో కూడా తెలుస్తుంది, 3 అన్న అంకె పెద్ద గ్లాసు వరుసలో ఉందంటే అప్పుడు అది ఎడమ గడిలో ఉంది, తర్వాత సొంత సర్వీస్ మీద పాయింట్ కొట్టేదాకా అక్కడే ఉంటుంది. నాలుగు రూపాయల పెన్ను, చిన్న పిల్లల లెక్కల నోట్‌బుక్ చాలు. గడులున్న నోట్‌బుక్ అయితే ఇంకా మేలు.

ఒక ముఖ్యమైన సంగతి, గ్యాలరీలో మనల్ని తికమక పెట్టేది. ఈ కుడి ఎడమలు సర్వీస్ కొట్టే క్షణానికి, తీసుకునే క్షణానికి మాత్రమే. కాక్ లేచాక ఇద్దరూ ఎటైనా పోవచ్చు, ఒకరు ముందు ఒకరు వెనక అవుతారు, అడ్డంగా పరిగెత్తుతారు, ర్యాలీ అయ్యేసరికి చిన్న గ్లాసు ఉండాల్సిన చోట పెద్ద గ్లాసు ఉంటుంది. మీరు ర్యాలీ చివర ఎవరు ఎక్కడున్నారో చూసి లెక్క కడితే ఎప్పటికీ తేలదు. నేను ఆరేళ్లు అదే చేశాను. ఇంకోటి, డబుల్స్ సర్వీస్ వెనక గీత అంచు గీత కాదు, దానికి 76 సెంటీమీటర్లు లోపల ఇంకో గీత ఉంటుంది, సర్వీస్ ఆ రెండింటి మధ్య పడితే ఔట్. సర్వీస్ తీసుకున్న తర్వాత మాత్రం చివరి గీత దాకా లోపలే. ఒకే చోట పడిన కాక్ ఒకసారి ఔట్ అని, ఇంకోసారి ఇన్ అని ఎందుకు అంటున్నారు, లైన్ దగ్గర కూర్చున్నవాడికి కళ్లు లేవా అని ఒకాయనతో నేను గొడవ కూడా పడ్డాను. ఆయనకు కళ్లు బాగానే ఉన్నాయి.

21 దగ్గర ఆగకపోవడం మీకు తెలిసే ఉంటుంది. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా పోతే ముప్పయ్యో పాయింట్ కొట్టినవాళ్లది గేమ్. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, ఒకుహర ఆడింది గుర్తుందా, మొదటి గేమ్ 21-19 ఒకుహరది, రెండోది 22-20 సింధుది, మూడోది మళ్లీ 22-20 ఒకుహరది, 110 నిమిషాల ఆట. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం, రెండో గేమ్‌లో సింధుకి 21 పడగానే నేను చప్పట్లు కొట్టి లేచాను. అవతల 20 ఉంది. "కూసో డాడీ, ఇంక కాలే" అంది మా బిడ్డ. సింగిల్స్ నాకు తెలుసు అనుకునే రోజులవి.

గేమ్ అయ్యాక పాత వరుస అంతా చెరిగిపోతుంది, కాగితం మీద కొత్తగా మొదలుపెట్టాలి. గెలిచిన జోడీ ముందు సర్వీస్ చేస్తుంది, వాళ్లలో ఎవరైనా చేయవచ్చు, ఓడిన జోడీలో ఎవరైనా తీసుకోవచ్చు. పిల్లలు ఇక్కడ ఆలోచించి మరీ నిలబడతారు, అవతల బలమైన పిల్ల సర్వీస్‌ని తమలో ఎవరు తీసుకుంటే మంచిదో చూసుకుంటారు. మీ పాపని అడగండి, చెబుతుంది.

మూడో గేమ్ జరిగితే అందులో ఒక జోడీ 11కి రాగానే పక్కలు మారతారు. కోర్టు మొత్తం తలకిందులైనట్టు ఉంటుంది, ఇప్పటిదాకా మీ కుడివైపు ఉన్నవాళ్లు ఎడమవైపుకి పోతారు. వాళ్ల కుడి ఎడమలు మాత్రం వాళ్లతోనే వస్తాయి, ఎవరి గడి వాళ్లదే, సర్వీస్ ఎవరిదో వాళ్లదే. నేను రెండోసారి అంపైర్ కుర్చీలో కూర్చున్నప్పుడు, అంటే ఏడాది తర్వాత, పూర్తి స్కోర్ షీట్ రాస్తూ కూడా ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాను. కాగితం చూస్తే కుదురుకుంది. ఇప్పుడు శనివారాలు కూర్చుంటున్నాను, చిన్న పిల్లల మ్యాచ్‌లకే. ఎవరైనా పిల్ల "అంకుల్, నాదే సర్వీస్" అంటే ముందు కాగితం చూస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను.

ఇంట్లో నేర్చుకున్న రోజు కూడా ఆ పక్కలు మార్చడం దగ్గరే ఆగిపోయాం. రాత్రి పదకొండు దాటింది, మూడో గేమ్ 11-8, కప్పులను ఇటు, గ్లాసులను అటు జరుపుతున్నాను. లోపలి నుంచి మా ఆవిడ "తండ్రీబిడ్డలు ఆట అయినంక ఆ కప్పులు కడిగి పెట్టుండ్రి" అని కేకేసింది, అటు తిరిగి జవాబు చెబుతూ నీలం కప్పును చీపురుపుల్ల మీదుగా దాటించబోతే చేయి జారి పిడి విరిగింది. సర్వీస్ దానిదే అప్పుడు.